‘నంబర్ వన్’ ఎక్కడికి పోయిందంటే...

రేడియోలో ప్రకటన వేయించుకుందామనుకున్న దుకాణం యజమాని, రచయిత పంపిన స్క్రిప్టు చేతికి రాగానే తాను రాసిచ్చిన మాటల కోసం వెతుక్కుంటాడు. ‘రాష్ట్రంలోనే నంబర్ వన్’ కనిపించదు. ఏడు ఊళ్ల చీరల పేర్లలో ఒక్కటే మిగిలి ఉంటుంది. ఫోన్ నంబరు అసలే లేదు. ఖర్చు తనది, దుకాణం పేరు తనది, ఎదురు వరసలోని కొట్టువాళ్లు మాత్రం రోజూ అదే స్టేషన్లో ‘నంబర్ వన్’ అని వినిపించుకుంటున్నారు. కంగారు పడక ఏం చేస్తాడు?

అప్పుడు రచయిత పంపే ఒక్క సందేశం మీద ఆ పని నిలబడుతుంది, లేదా చెడుతుంది. ఏ ఏజెన్సీకీ చెందకుండా సొంతంగా ప్రకటనలు రాసేవాళ్లు చిన్న పట్టణాల్లో చాలామందే ఉన్నారు. వాళ్లకు యజమానితో మాట్లాడిపెట్టే మేనేజరు ఉండడు. రాసేదీ వాళ్లే, ఎందుకలా రాశారో నచ్చజెప్పేదీ వాళ్లే. నచ్చజెప్పడం ఎలా ఉంటుందో చూడడానికి ఒక చీరల దుకాణాన్ని ఊహించుకుందాం. దుకాణమూ మనుషులూ ఉదాహరణకే. మధ్యలో వచ్చే చట్టాలు, నియమాలు మాత్రం నిజమైనవి.

కోస్తాలో ఒక పట్టణం. గడియారం సెంటర్లో తాతల నాటి చీరల కొట్టు. యజమానికి అరవై దాటాయి. శ్రావణమాసం వస్తోంది. వరలక్ష్మీ వ్రతం పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం కాబట్టి, చీరల బేరం ముమ్మరంగా సాగేది మాసం మొదటి రెండు వారాల్లోనే. ఎఫ్‌ఎం స్టేషన్లో 30 సెకన్ల ప్రకటన మాట్లాడుకున్నాడు. తన చేత్తోనే కాగితం మీద ఇలా రాసి రచయిత్రికి ఇచ్చాడు:

“రాష్ట్రంలోనే నంబర్ వన్ వస్త్ర ప్రపంచం! మూడు తరాలుగా నమ్మకానికి మారుపేరు! కంచి, ధర్మవరం, వెంకటగిరి, గద్వాల, పోచంపల్లి, మంగళగిరి, ఉప్పాడ అసలు సిసలు పట్టు, నేత చీరలు, డ్రెస్ మెటీరియల్స్, షర్టింగ్, సూటింగ్, పిల్లల దుస్తులు అతి తక్కువ ధరలకే! శ్రావణమాసం సందర్భంగా అన్నింటిపై 50 శాతం తగ్గింపు! ఒకటి కొంటే ఒకటి ఉచితం! షరతులు వర్తిస్తాయి. గడియారం సెంటర్, పాత బస్టాండు ఎదురుగా. ఆలసించిన ఆశాభంగం!”

దుకాణం పేరు రెండుసార్లు, ఫోన్ నంబరు రెండుసార్లు చెప్పాలని చివర రాసి, కింద గీత కూడా గీశాడు.

రచయిత్రి తిరిగి పంపిన స్క్రిప్టు ఇది:

(చీర మడత విప్పిన చప్పుడు)
కూతురు: అమ్మా, ఈ బుటా ఎంత బాగుందో!
తల్లి: ఆగవే, తిప్పి చూడనీ.
కూతురు: తిప్పినా అలాగే ఉందే!
దుకాణదారు: ఉప్పాడ జమ్దానీ అమ్మా. రెండువైపులా ఒకేలా ఉండాలి.
వ్యాఖ్యాత: మూడు తరాలుగా చీర తిప్పి చూపించి అమ్ముతున్న దుకాణం. శ్రావణమాసానికి, ఎంపిక చేసిన పట్టుచీరలపై 30 శాతం వరకు తగ్గింపు, శ్రావణ పౌర్ణమి దాకా. (దుకాణం పేరు). గడియారం సెంటర్, పాత బస్టాండు ఎదురుగా.

యజమాని నుంచి జవాబు లేదు. మర్నాడు ఆయన కొడుకు ఫోన్ చేసి, “నాన్న రాత్రంతా అదే మాటండి, మనం చెప్పింది ఏదీ లేదంటున్నారు” అన్నాడు. రచయిత్రి ఆయనకు వెంటనే ఫోన్ చేయలేదు. కూర్చుని వాట్సాప్‌లో రాసింది. ఆమె చేసిన పని సబబే. ఫోన్లో విన్న కారణాన్ని ఆయన భార్యకో బావమరిదికో తిరిగి చెప్పాలంటే సగం జారిపోతుంది. రాసి ఉంటే ఆ కాగితాన్నే చూపిస్తాడు. ఇలాంటి దుకాణాల్లో నిర్ణయం ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ.

ఆమె రాసింది ఇది:

“బాబాయిగారూ, నమస్కారమండి. స్క్రిప్టు చదివి మీరు కంగారు పడ్డారని మీ అబ్బాయి చెప్పాడు. మీరు రాసిచ్చిన కాగితం నా ముందే ఉంది. అందులో ఏది ఉంచానో, ఏది ఎందుకు మార్చానో వరసగా చెప్తాను. తీరిగ్గా చదవండి.

దుకాణం పేరు, మూడు తరాల మాట, శ్రావణమాసం, తగ్గింపు, అడ్రసు... ఇవన్నీ ఉన్నాయి.

మీ కాగితాన్ని గడియారం పెట్టుకుని పైకి చదివితే 43 సెకన్లు పట్టిందండి. మనం తీసుకున్నది 30. అందులో ఫోన్ నంబరు రెండుసార్లు చెప్పడానికే పది సెకన్లు పోతున్నాయి. బండి మీద వెళ్లేవాళ్లూ వంటింట్లో ఉన్నవాళ్లూ దాన్ని రాసుకోలేరు. అందుకని నంబరును వాట్సాప్ పోస్టర్‌లోకి మార్చాను. అక్కడ వేలితో నొక్కితే నేరుగా మీకే ఫోన్ వస్తుంది. ఏడు ఊళ్ల పేర్లూ ఆ పోస్టర్‌లో పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

‘నంబర్ వన్’ తీశాను. ఏ లెక్కన అని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర కాగితం ఉండాలి. దాని చోట మీ మాటే పెట్టాను. మొన్న నేను కొట్లో ఉన్నప్పుడు ఒకావిడకి ఉప్పాడ చీర తిప్పి చూపిస్తూ, ‘రెండువైపులా ఒకేలా ఉండాలమ్మా’ అన్నారు. ఆవిడ ఆ ఒక్క మాటకే చీర తీసుకున్నారు. ఈ ప్రకటన అంతా ఆ మాట చుట్టూనే అల్లాను.

తగ్గింపు సంగతి. మీరు చెప్పిన లెక్క ప్రకారం సగం ధర పాత సరుకు ఉన్న ఒక్క బీరువాకే. పట్టుచీరల్లో ఎక్కువలో ఎక్కువ 30 శాతం. అన్నింటిపై సగం అని విని వచ్చినవాళ్లు కౌంటర్ దగ్గర మిమ్మల్నే నిలదీస్తారండి. ఉచితం అన్నది మూడు వేలు దాటితే ఇచ్చే జాకెట్టు ముక్క కాబట్టి దాన్ని కొట్లో బోర్డు మీద రాద్దాం.

మీరు చూసి చెప్పాల్సినవి మూడు. 30 శాతం తగ్గించే పట్టుచీరలు పౌర్ణమి దాకా సరిపడా ఉన్నాయా? ఉప్పాడ చీరలు నేతవాళ్ల దగ్గర కొన్న బిల్లులు ఉన్నాయా? మూడు తరాలు అన్నప్పుడు మీ తాతగారి పేరు మీద ఉన్న పాత లైసెన్సో రసీదో ఏదైనా దొరుకుతుందా?

నచ్చని మాట ఉంటే గీత గీసి ఫోటో పంపండి. ఒకసారి మార్చడం మనం అనుకున్న డబ్బులోనే ఉంది. గురువారం సాయంత్రానికి ఖాయం చేస్తే శుక్రవారం రికార్డింగ్. ఉంటానండి.”

ఈ సందేశంలో అన్నిటికంటే బరువైన కారణం సమయం. దాన్ని ఆమె ముందు పెట్టింది. ఎఫ్‌ఎం స్టేషన్లు ప్రకటనకు ధర పది సెకన్ల లెక్కన కడతాయి. 30 సెకన్లంటే మూడు ముక్కల డబ్బు. 43 సెకన్ల ప్రకటనకు ఐదు ముక్కలు కొనాలి, అదీ రోజుకు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు. లేదంటే వ్యాఖ్యాత గుక్క తిప్పుకోకుండా పరిగెత్తాలి. తెలుగులో మాటకు మాట అతుక్కుని పొడుగవుతుంది కాబట్టి మాటల సంఖ్య చూసి నిడివి అంచనా వేస్తే తప్పుతుంది. అక్షరాలు లెక్కపెట్టుకోవాలి. వినేవాడి చెవికి అందేలా చదివితే సెకనుకు ఐదారు అక్షరాలు పలుకుతాం. యజమాని కాగితంలో, పేరూ నంబరూ రెండేసిసార్లు కలుపుకుంటే, దాదాపు 220 అక్షరాలున్నాయి. కొత్త స్క్రిప్టులో 125 దాకా ఉన్నాయి. మిగిలిన నాలుగైదు సెకన్లలో చీర చప్పుడు, తల్లి ఆగి తిప్పి చూసే విరామం ఇముడుతాయి.

ఫోన్ నంబరు లెక్క కూడా ఇలాగే తేలుతుంది. ‘తొమ్మిది’, ‘ఎనిమిది’, ‘నాలుగు’... అంకెకు సగటున రెండున్నర అక్షరాలు. పది అంకెలకు పాతిక. రెండుసార్లకు యాభై. అంటే కొన్న సమయంలో దాదాపు మూడో వంతు. ఈ లెక్క అభిరుచికి సంబంధించింది కాదు కాబట్టి యజమాని దీనితో వాదించాల్సిన అవసరం ఉండదు. తన ఫోన్లోని గడియారంతో తానే చదివి సరిచూసుకోగలడు. రచయిత్రి ‘నా మాట నమ్మండి’ అనకుండా ‘చదివి చూడండి’ అనగలగడం ఇక్కడ పెద్ద బలం.

తర్వాతి సంగతి తగ్గింపు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడింది. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద అది 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. తగ్గింపు ధర చెప్పి జనాన్ని రప్పించి, ఆ ధరకు సరిపడా సరుకు పెట్టకపోవడాన్ని అవి ఎర వేసే ప్రకటనగా చూస్తాయి. ఆ ధరకు సరుకు అందించగల అవకాశం నిజంగా ఉండాలి, సరుకు పరిమితమైతే ఆ సంగతి చెప్పాలి. రచయిత్రి అడిగిన మూడు ప్రశ్నల్లో మొదటిది సరుకు గురించి కావడానికి కారణం ఇదే.

షరతుల గురించి ఆ మార్గదర్శకాల్లో ఉన్న నియమం రేడియో రచయితలు కంఠస్థం చేసుకోదగ్గది. ఏ భాషలో హామీ ఇచ్చారో షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి. హామీని నోటితో చెబితే షరతు కూడా దానితోపాటే, అదే వేగంతో రావాలి. తెలుగులో తగ్గింపు చెప్పి చివర ఇంగ్లీషులో ‘కండిషన్స్ అప్లై’ అని గొణగడం, లేదా అర సెకనులో షరతు ఊది పారేయడం కుదరదు. పైగా షరతు అనేది హామీని వివరించాలే తప్ప దాన్ని కొట్టిపారేయకూడదు. ‘అన్నింటిపై 50’ అని, షరతుల్లో ‘ఒక్క బీరువాకే’ అంటే ముందు మాట అబద్ధమైపోతుంది. ఆమె ‘ఎంపిక చేసిన’, ‘వరకు’, ‘పౌర్ణమి దాకా’ అనే మూడు ముక్కల్ని తగ్గింపు వాక్యంలోనే కలిపేసింది. షరతు హామీలోనే ఉంది కాబట్టి విడిగా ‘షరతులు వర్తిస్తాయి’ అనే పని తప్పింది, ఎనిమిది అక్షరాలు మిగిలాయి.

ఇవేవీ ఆమె సందేశంలో రాయలేదని గమనించాలి. ప్రకటనను ఆపమనో మార్చమనో ఆ సంస్థ దుకాణదారును కూడా ఆదేశించగలదు. తప్పుడు ప్రకటనకు తయారీదారు మీద, ప్రచారం చేసినవాళ్ల మీద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారమూ దానికుంది. ఇప్పటికే రాత్రి నిద్రపోని మనిషికి ఈ అంకెలు రాసి పంపితే అసలు ప్రకటనే వద్దంటాడు. అందుకే ఆమె ఆయనకు బాగా తెలిసిన చోటికి, కౌంటర్ దగ్గరికి, సంగతిని తీసుకెళ్లింది. బయట విన్న ధర లోపల లేకపోతే కొనేవాళ్ల మొహాలు ఎలా మారతాయో నలభై ఏళ్లు బేరం చేసిన మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన చట్టం గురించి అడిగితే అప్పుడు చెప్పవచ్చు, అడిగితే దాచకూడదు కూడా.

‘నంబర్ వన్’ సంగతి కొంచెం సున్నితమైనది. ప్రకటనల్లో అతిశయోక్తి మొత్తం తప్పని ఎవరూ అనరు. ఈ రంగంలో స్వీయ నియంత్రణ కోసం 1985లో ఏర్పడిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి కూడా, వినగానే సరదాకి అన్నదని తెలిసిపోయే గొప్పల్ని ఒప్పుకుంటుంది. ‘ఈ చీర కడితే చందమామ కూడా తొంగి చూస్తాడు’ అంటే రుజువు ఎవరూ అడగరు. ‘రాష్ట్రంలోనే నంబర్ వన్’ అలాంటిది కాదు. అమ్మకాల్లోనా, దుకాణం విస్తీర్ణంలోనా, ఏ ఏడాది అనే ప్రశ్న వెంటనే పుడుతుంది, అంటే అది లెక్క తేల్చగల మాట. లెక్క తేల్చగల మాటకు రుజువు చేతిలో ఉండాలి.

అయితే యజమానిని బాధపెట్టేది రుజువు సంగతి కాదు. ఆ మాట తీసేస్తే తన దుకాణం పక్కవాళ్ల కంటే చిన్నదని ఒప్పుకున్నట్టవుతుందేమో అని ఆయన బెంగ. రచయిత్రి ఆ ఖాళీని ఖాళీగా వదిలేసి కారణం మాత్రమే చెప్పి ఉంటే ఆ బెంగ తీరేది కాదు. ఖాళీలో ఆయన సొంత మాటను పెట్టి, అది ఎప్పుడు, ఎవరితో అన్నాడో గుర్తుచేసింది. తన కొట్లో ఒక సాయంత్రం కూర్చుని బేరాలు విన్న రచయిత మాత్రమే అలా రాయగలడు. కాగితం అందుకుని ఇంటికెళ్లి రాసేవాళ్ల చేతిలో ఈ అవకాశం ఉండదు, ఆ తేడా వాళ్లు పంపే సందేశంలో కూడా తెలిసిపోతుంది.

ఆ మాట ఎందుకు పనికొచ్చిందో చెప్పాలంటే చీర దగ్గరికే వెళ్లాలి. కాకినాడ జిల్లా సముద్ర తీరంలోని ఉప్పాడలో నేసే జమ్దానీ చీరల మీద బుటాను అదనపు పేక దారంతో, మగ్గం మీద చేత్తో కలుపుతూ నేస్తారు. అందుకే అది వెనుక వైపు నుంచి చూసినా ముందు వైపులాగే కనిపిస్తుంది. మరమగ్గం మీద తీసిన నకళ్లలో సాధారణంగా వెనుక దారాలు వేలాడుతూనో కత్తిరించిన కొసలతోనో ఉంటాయి. ఉప్పాడ జమ్దానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరును వేరే చోట తయారైన సరుకుకు వాడితే భౌగోళిక గుర్తింపుల చట్టం కింద నేరమవుతుంది. కొనేవాళ్లకు ఈ చట్టం తెలియకపోయినా, చీర తిప్పి చూస్తే తేడా వాళ్ల కళ్లకే కనిపిస్తుంది. ‘అసలు సిసలు’ అని నోటితో చెప్పడం కంటే ఇది గట్టిది. కానీ ప్రకటన విని వచ్చినవాళ్లు ప్రతి ఉప్పాడ చీరనూ తిప్పి చూస్తారు కాబట్టి కొట్లో నకలు ఒక్కటున్నా పరువు పోతుంది. బిల్లుల గురించి ఆమె అడిగిన ప్రశ్న దీని కోసమే.

ఇలాంటి సందేశాలు చెడిపోయే తీరులు కూడా తెలుసుకోవాలి. ‘సార్, ఇలా అయితే ప్రొఫెషనల్‌గా ఉంటుంది’ అని ఒక్క ముక్క రాస్తే, నువ్వు రాసింది నాటుగా ఉందని యజమానికి వినిపిస్తుంది. పేరా పేరాకీ ‘క్షమించండి’ అని రాస్తే, నిజంగానే ఏదో తప్పు జరిగిందని అనుకుంటాడు. ఏది మిగిలిందో చెప్పకుండా తీసేసిన వాటి జాబితాతో మొదలుపెడితే, చదవడం సగంలో ఆపేసి ఫోన్ ఎత్తుతాడు. పై సందేశంలో ఒక్క క్షమాపణా లేదు, అయినా మర్యాద ఎక్కడా తగ్గలేదు. ఆ మర్యాద ‘బాబాయిగారూ’, ‘అండి’ల్లో కొంత ఉంది. ఎక్కువ భాగం ఆయన రాసిన ప్రతి వాక్యానికీ జవాబు చెప్పడంలో ఉంది. తీసేసిన మాటల్లో చాలావాటికి మరో చోటు చూపించింది, నంబరుకు పోస్టరూ జాకెట్టు ముక్కకు బోర్డూ.

ఆమె చెప్పకుండా వదిలేసినవీ ఉన్నాయి. షర్టింగులు, పిల్లల దుస్తులు ఏమయ్యాయో ఎక్కడా రాయలేదు. యజమాని జవాబులో వచ్చిన మొదటి ప్రశ్న సరిగ్గా అదే: “అమ్మాయ్, మగవాళ్ల బట్టలు అమ్మడం మానేశామనుకోరూ?” దానికి ఆమె రెండు వాక్యాలే రాసింది. శ్రావణమాసంలో చీరల కోసం వచ్చేవాళ్లు మగవాళ్లకీ పిల్లలకీ కూడా కొంటారు కాబట్టి వాళ్లను గుమ్మం దాకా తెచ్చే పని చీరకు అప్పగించానని, దసరాకి రాసేటప్పుడు ఆ బట్టలతోనే మొదలుపెడదామని.

రెండో కోరిక మంగళగిరి చీర. “మా అమ్మకాల్లో సగం అదేనమ్మా, దాన్ని మాత్రం వదలొద్దు.” దీన్ని ఆమె ఒప్పుకుంది. అంచు తప్ప చీరంతా సాదాగా ఉండే మంగళగిరి నూలుచీరకు తిప్పి చూపించే సంభాషణలో చోటు లేదు. అందుకని వ్యాఖ్యాత మాటల్ని ‘ఉప్పాడ అయినా, మంగళగిరి అయినా, మూడు తరాలుగా తిప్పి చూపించి అమ్ముతున్న దుకాణం’ అని మార్చింది. పద్నాలుగు అక్షరాలు పెరిగాయి, ‘చీర’ అన్న మాట పోయి రెండు తగ్గాయి. మిగిలిన పన్నెండింటి కోసం మొదట్లో చీర చప్పుడును రెండు సెకన్ల మేర తగ్గించింది. ఏది కలిపితే ఏది తగ్గిందో ఆ లెక్క కూడా ఆయనకు రాసి పంపింది.

దుకాణదారు గొంతు ఎవరిదన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. ఆయన తానే చెబుతానన్నాడు. రెండు వాక్యాలే కాబట్టి ఆమె సరేనంది, స్టూడియోలో నాలుగైదుసార్లు చెప్పించి మంచిది ఎంచుకుందామంది. ఉప్పాడ బిల్లుల ఫోటోలు, 30 శాతం తగ్గింపు పెట్టిన చీరల పట్టిక, తాతగారి పేరున్న పాత రసీదు గురువారం మధ్యాహ్నానికి ఆమె ఫోన్లోకి వచ్చాయి. తుది స్క్రిప్టు కింద ఆయన చేత ‘ఇదే ఖాయం’ అని రాయించుకుని, ఆ మూడింటితో కలిపి దాచింది. ప్రకటన వచ్చే రోజుల్లో ఎవరైనా ప్రశ్నిస్తే మొదట తీయాల్సినవి ఆ కాగితాలే.